అభిప్రాయ పేరా రాయడం ఎలా: ఒకే ప్రశ్న పట్టుకుని మొదటి వాక్యం నుంచి ముగింపు దాకా

ముందు ఒక ప్రశ్న, దానికి వచ్చిన ఒక జవాబు చూడండి. ఈ మార్గదర్శి మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ప్రశ్న: సెలవుల్లో విద్యార్థులకు హోంవర్క్ ఇవ్వాలా, వద్దా? మీ అభిప్రాయాన్ని తగిన కారణాలతో ఒక పేరాలో రాయండి. (100 నుంచి 120 పదాలు)

జవాబు: "సెలవులు అంటే అందరికీ ఇష్టం. హోంవర్క్ వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి. సెలవుల్లో హోంవర్క్ ఇస్తే విద్యార్థులకు విశ్రాంతి ఉండదు. వాళ్లు బాగా అలసిపోతారు. మనసుకు ప్రశాంతత ఉండదు. ఆటలకు సమయం దొరకదు. సెలవుల్లో హోంవర్క్ వద్దని చాలామంది అంటారు, కానీ హోంవర్క్ లేకపోతే చదివినదంతా మర్చిపోతారు. కాబట్టి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దీని గురించి ఆలోచించాలి. నేటి బాలలే రేపటి పౌరులు."

ఇందులో అక్షర దోషం ఒక్కటి కూడా లేదు. వాక్యాలు చిన్నవి, చదవడానికి హాయిగా ఉన్నాయి. అయినా మంచి మార్కులు రావు. రాసిన విద్యార్థికి అది అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే తప్పు ఏ ఒక్క వాక్యంలోనూ కనబడదు. తప్పు వాక్యాల మధ్య ఉంది. హోంవర్క్ ఇవ్వాలంటున్నాడా, వద్దంటున్నాడా? పేరా అయిపోయినా తేలలేదు. మూడో వాక్యం నుంచి ఆరో వాక్యం దాకా నాలుగు కారణాలు ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి నాలుగూ ఒకే మాట. ఏడో వాక్యంలో పేరా దిక్కు మార్చుకుంది. చివరి వాక్యాన్ని చెట్ల పెంపకం మీద రాసిన పేరాకు అతికించినా అతుకుతుంది.

ఇదే ప్రశ్నకు ఇప్పుడు మొదటి నుంచి జవాబు తయారుచేద్దాం.

ప్రశ్నలో హద్దు ఎక్కడుందో పట్టుకోవడం

ప్రశ్న చదవగానే పెన్సిల్‌తో రెండు చోట్ల గీత గీయండి. ఒకటి, మీరు తేల్చాల్సిన సంగతి: "ఇవ్వాలా, వద్దా". రెండు, ఆ సంగతికి ఉన్న హద్దు: "సెలవుల్లో". ఎక్కువమంది జారిపోయేది ఈ రెండో చోటే. హోంవర్క్ అన్న మాట కనబడగానే హోంవర్క్ మంచిదా చెడ్డదా అని రాయడం మొదలుపెడతారు. ప్రశ్న అది కాదు. మామూలు రోజుల్లో హోంవర్క్ చాలా మంచిదని నమ్మేవాళ్లు కూడా సెలవుల్లో వద్దనవచ్చు. మీరు రాసే ప్రతి కారణమూ సెలవులకు మాత్రమే వర్తించాలి. "హోంవర్క్ వల్ల అలసిపోతారు" అన్నది బడి రోజులకూ సరిపోతుంది, కాబట్టి ఈ ప్రశ్నకు అది బలహీనమైన కారణం. ఇది ముందే గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

ఏ పక్షం తీసుకోవాలి

మీ అభిప్రాయం ఏదైనా, దాన్ని బట్టి మార్కులు వేయరు. దాన్ని ఎంత బాగా నిలబెట్టారన్నదాన్ని బట్టి వేస్తారు. కాబట్టి మనసులో ఏముందో వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఒక నిమిషం పాటు రెండు వైపులా తోచినవి రెండేసి మాటల్లో రాసుకోండి. ఏ వైపు ఉదాహరణతో సహా చెప్పగలిగే మాట దొరికితే ఆ వైపు వెళ్లండి. గట్టిగా నమ్మే వైపు కాకపోయినా పర్వాలేదు. గట్టిగా నమ్మే విషయాన్ని వివరించడం ఒక్కోసారి కష్టంగానే ఉంటుంది, అది మనకు మరీ స్పష్టంగా కనబడుతుంది కాబట్టి.

మధ్యే మార్గం తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకోవచ్చు, కానీ షరతు స్పష్టంగా ఉండాలి. "రాత పని ఇవ్వకూడదు, చదవడానికి ఒక పుస్తకం మాత్రం ఇవ్వవచ్చు" అన్నది ఒక అభిప్రాయం. "లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి" అన్నది అభిప్రాయం కాదు, దాన్ని తప్పించుకోవడం. 120 పదాల్లో షరతులతో కూడిన అభిప్రాయాన్ని నిలబెట్టడం కష్టం. పరీక్షలో నేనైతే ఏదో ఒక వైపు నిలబడమనే చెబుతాను.

కారణాలు ముందు, టాపిక్ సెంటెన్స్ తర్వాత

పేరాలో టాపిక్ సెంటెన్స్ ముందు వస్తుంది. పేరా మొత్తం ఏ మాటను నిలబెట్టబోతుందో చెప్పే వాక్యం అది. కానీ తయారుచేసేటప్పుడు కారణాలే ముందు తేల్చుకోవాలి. మొదటి వాక్యం రాసేసి కారణాల కోసం వెతికితే దొరికినవన్నీ కుక్కేస్తాం. పైన చూసిన జవాబులో జరిగింది అదే.

మనం "వద్దు" అనే పక్షం తీసుకుందాం. తోచినవన్నీ చిత్తు కాగితం మీద ఇలా పడ్డాయనుకోండి: విశ్రాంతి ఉండదు, అలసిపోతారు, ఆటలకు సమయం ఉండదు, చివరి రెండు రోజుల్లో గబగబా రాసేస్తారు, ఇంట్లో చెప్పేవాళ్లు అందరికీ ఉండరు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ పక్కదానితో కలిపి "అంటే" అని మధ్యలో పెట్టి చదవండి. "విశ్రాంతి ఉండదు, అంటే అలసిపోతారు." అతికింది. "అలసిపోతారు, అంటే గబగబా రాసేస్తారు." అతకలేదు. "అంటే"తో అతికితే ఆ రెండూ ఒకే కారణం, ఒకటి కొట్టేయాలి. అతక్కపోతే అవి వేరు వేరు కారణాలు. ఆటల మాటకు "అంటే" అంత తేలిగ్గా అతకదు గానీ, అది కూడా సెలవు సెలవులా మిగలదన్న మాటే. ఇలా చూస్తే మొదటి మూడూ ఒక్కటే అవుతాయి. అయిదు కాస్తా మూడయ్యాయి: సెలవు సెలవులా ఉండదు, గబగబా రాసేస్తారు, చెప్పేవాళ్లు అందరికీ ఉండరు.

120 పదాల్లో రెండు కారణాలకే చోటుంటుంది. ఒక్కో కారణానికి 30 నుంచి 40 పదాలు కావాలి, దానికంటే తక్కువైతే అది వివరణ లేని జాబితాలా మిగిలిపోతుంది. మూడింటిలో ఏది వదలాలి? ఒక్కోదాన్నీ "అయితే ఏమవుతుంది?" అని అడగండి. సెలవు సెలవులా ఉండదు, అయితే ఏమవుతుంది? అలసిపోతారు. అలసిపోతే? అక్కడ ఆగిపోయాం. గబగబా రాసేస్తారు, అయితే ఏమవుతుంది? నేర్చుకోవడం మీద ధ్యాస ఉండదు. ఉండకపోతే? తప్పు చేసినా తెలియకుండానే పని ముగిసిపోతుంది. ఇక్కడ మాట ముందుకు నడుస్తోంది. మూడోది కూడా నడుస్తుంది: చెప్పేవాళ్లు లేకపోతే పని సగంలో ఆగుతుంది, మార్కులు మాత్రం అందరికీ ఒకేలా వేస్తారు. కాబట్టి ఆ రెండూ ఉంచుకుని విశ్రాంతిని వదిలేద్దాం. దాన్ని వదలడానికి మనసొప్పదు, అందరికీ ముందు తోచేది అదే. అందరికీ తోస్తుంది కాబట్టే దిద్దేవాళ్ల ముందున్న ప్రతి రెండో పేపర్లో అదే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

ఉంచుకున్న రెండింటికీ ఒక్కో మాట పేరుగా పెట్టండి. మొదటిదానికి "ఉపయోగం", రెండోదానికి "న్యాయం". ఈ రెండు మాటలూ ఇకముందు పేరాకు పిడుల్లా పనిచేస్తాయి.

టాపిక్ సెంటెన్స్

ఇక్కడ సాధారణంగా మూడు రకాల వాక్యాలు తప్పుదారి పట్టిస్తాయి. "ఈ పేరాలో నేను సెలవుల హోంవర్క్ గురించి రాస్తాను" అన్నది ప్రకటన, అందులో అభిప్రాయం లేదు. "చాలా బడుల్లో సెలవులకు హోంవర్క్ ఇస్తారు" అన్నది ఉన్న విషయం, దాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి నిలబెట్టాల్సిన పనీ లేదు. "హోంవర్క్ మంచిది కాదు" అన్నది అభిప్రాయమే, కానీ ప్రశ్న హద్దు దాటిపోయింది. మీ వాక్యం సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక మార్గముంది. దాని తర్వాత "నేను ఒప్పుకోను" అని ఎవరైనా అనగలరా? అనగలిగితే అది అభిప్రాయం. "చాలా బడుల్లో ఇస్తారు" అన్నదానికి అలా అనలేరు.

తెలుగులో రాసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఇవ్వాలా, వద్దా అన్నది ఆ చివరి మాటలోనే తేలుతుంది. ఈ వాక్యం చదవండి: "సెలవుల్లో ఇచ్చే హోంవర్క్‌ను విద్యార్థులు చివరి రోజుల్లో గబగబా రాసేస్తారు కాబట్టి, ఇంట్లో చెప్పేవాళ్లు అందరికీ ఉండరు కాబట్టి, అలాంటి హోంవర్క్ ఇవ్వకూడదని నా అభిప్రాయం." తప్పు లేదు, కానీ అసలు మాట కోసం పదహారు పదాల దాకా ఆగాలి. అందుకే అభిప్రాయాన్ని ఒక పొట్టి వాక్యంలో చెప్పేసి, కారణాల పేర్లను రెండో వాక్యంలో పెట్టడం మంచిది:

"సెలవుల్లో విద్యార్థులకు హోంవర్క్ ఇవ్వకూడదని నా అభిప్రాయం. అది చదువుకు పెద్దగా ఉపయోగపడదు, అందరికీ న్యాయంగానూ ఉండదు."

పదమూడు పదాల్లో పక్షం తేలింది, రెండు పిడులూ కనబడ్డాయి. "నా అభిప్రాయం" అని ఇక్కడ ఒకసారి అంటే చాలు. ప్రతి వాక్యానికీ "నేను అనుకునేదేమిటంటే", "నా ఉద్దేశంలో" అని తగిలిస్తే పదాలు ఖర్చవడమే కాదు, రాసేవాళ్లకే నమ్మకం లేనట్టు ఉంటుంది.

కారణాన్ని విడమర్చడం

ఒక కారణం నిలబడాలంటే మూడు పనులు జరగాలి: ఆ కారణం చెప్పాలి, అది ఎందుకు నిజమో విడమర్చాలి, ఒక చోట అది జరుగుతుండగా చూపించాలి. ఎక్కువమంది మొదటిది చేసి మూడోదానికి దూకుతారు, లేదా మొదటిదాన్నే వేరే మాటల్లో మళ్లీ చెబుతారు.

మన మొదటి కారణం తీసుకుందాం. చెప్పడం: "మొదటి కారణం ఉపయోగం లేకపోవడం." విడమర్చడం: "చాలామంది ఈ పనిని సెలవులు ముగియడానికి రెండు రోజుల ముందు మొదలుపెడతారు, కాబట్టి వాళ్ల ధ్యాస నేర్చుకోవడం మీద కాకుండా ముగించడం మీద ఉంటుంది." చూపించడానికి నాకు ముందు తోచిన వాక్యం ఇది: "ఉదాహరణకు, కొంతమంది విద్యార్థులు లెక్కలు సరిగా చేయరు." దీన్ని ఉదాహరణ అనలేం. ఇది కారణాన్నే ఇంకాస్త మసకగా చెప్పింది. ఉదాహరణలో ఒక మనిషి, ఒక పని, ఒక ఫలితం కనబడాలి. మార్చి రాస్తే: "ఉదాహరణకు, ఇరవై లెక్కలు ఒకే పూటలో చేసే విద్యార్థి మొదటి లెక్కలో పద్ధతి తప్పితే, దిద్దేవాళ్లు లేక మిగతా పంతొమ్మిదీ అలాగే చేస్తాడు." ఇప్పుడు చదివేవాళ్లకు ఆ నోట్‌బుక్ కళ్ల ముందు కనబడుతుంది. "దిద్దేవాళ్లు లేక" అన్న రెండు మాటలే దీన్ని సెలవులకు కట్టిపడేశాయి.

ఉదాహరణ సొంత కథగా మారకుండా చూసుకోండి. "పోయిన సెలవుల్లో మా కజిన్ వచ్చాడు, అప్పుడు మేమిద్దరం..." అని మొదలుపెడితే నలభై పదాలు ఇట్టే అయిపోతాయి, కారణం మాత్రం కథలో మునిగిపోతుంది. ఒక్క వాక్యం దాటకుండా ఉంటే చాలు. అలాగే పరీక్ష హాల్లో అంకెలు పుట్టించవద్దు. "85 శాతం విద్యార్థులు" అని రాస్తే బలం వస్తుందనుకుంటారు. ఎక్కడిదో తెలియని అంకె ఆ వాక్యం మీదున్న నమ్మకాన్నే పోగొడుతుంది. "చాలామంది" అన్న మాట నిజాయితీగా ఉంటుంది, సరిపోతుంది కూడా. "అందరూ", "ఎప్పుడూ", "ఎవరూ" అని రాసినచోట మాత్రం ఆగి చూసుకోండి. ఒక్క మినహాయింపు గుర్తొచ్చినా ఆ వాక్యం కూలిపోతుంది.

"కానీ" ఎటువైపు ఉండాలి

ఎదుటి పక్షం మాటను ఒప్పుకుని జవాబివ్వడం పేరాకు బలం. తప్పనిసరి కాదు, చోటుంటేనే రాయండి. కానీ రాస్తే వరుస సరిగ్గా ఉండాలి. మొదటి జవాబులో ఏడో వాక్యం మళ్లీ చూడండి: "సెలవుల్లో హోంవర్క్ వద్దని చాలామంది అంటారు, కానీ హోంవర్క్ లేకపోతే చదివినదంతా మర్చిపోతారు." మనకు మనసులో నిలిచేది "కానీ" తర్వాత వచ్చిన మాటే. ఆ విద్యార్థి తన పక్షాన్ని "కానీ"కి ముందు, ఎదుటి పక్షాన్ని తర్వాత పెట్టాడు. దాంతో తన పేరాను తనే ఓడించుకున్నాడు. తిప్పి రాస్తే: "హోంవర్క్ లేకపోతే చదివింది మర్చిపోతారన్నది నిజమే కానీ, బడి తెరిచాక మొదటి వారం పాత పాఠాలు మళ్లీ చెబితే ఆ లోటు తీరుతుంది." ఎదుటివాళ్ల మాట ముందు, మీ జవాబు తర్వాత. "నిజమే కానీ" అన్న జంట గుర్తుంచుకుంటే వరుస తప్పదు.

దీన్ని రెండు కారణాల తర్వాత, ముగింపుకు ముందు పెట్టండి. ఒకటే వాక్యం. రెండు వాక్యాలైతే మీ సొంత కారణం కంటే అదే పెద్దదైపోయే ప్రమాదం ఉంది.

ముగింపు

ముగింపులో కొత్త కారణం రాకూడదు. చివరి నిమిషంలో మంచి ఆలోచన తట్టి "పైగా టీచర్లకు కూడా దిద్దే భారం తగ్గుతుంది" అని రాయాలనిపిస్తుంది. వివరించడానికి చోటు లేని కారణం అది, వదిలేయండి. మొదటి వాక్యాన్ని యథాతథంగా తిరిగి రాయడమూ ముగింపు కాదు. మీ మాట ఒప్పుకుంటే ఇప్పుడేం చేయాలో చెప్పడం మంచి ముగింపు. మన పేరాకు అది ఇలా వస్తుంది: "అందువల్ల పాఠాలను గుర్తుచేసే పనిని సెలవులకు వదలకుండా, టీచర్ అందుబాటులో ఉండే తరగతి గదిలోనే చేయించాలి." హోంవర్క్ వద్దన్న మాట ఇందులో ఉంది, రెండు కారణాల్లోనూ ఉన్న టీచర్ ఇందులో ఉన్నారు. దీన్ని చెట్ల పెంపకం పేరాకు అతికించలేం.

మొత్తం కలిపితే ఇదీ పేరా:

"సెలవుల్లో విద్యార్థులకు హోంవర్క్ ఇవ్వకూడదని నా అభిప్రాయం. అది చదువుకు పెద్దగా ఉపయోగపడదు, అందరికీ న్యాయంగానూ ఉండదు. మొదటి కారణం ఉపయోగం లేకపోవడం. చాలామంది ఈ పనిని సెలవులు ముగియడానికి రెండు రోజుల ముందు మొదలుపెడతారు, కాబట్టి వాళ్ల ధ్యాస నేర్చుకోవడం మీద కాకుండా ముగించడం మీద ఉంటుంది. ఉదాహరణకు, ఇరవై లెక్కలు ఒకే పూటలో చేసే విద్యార్థి మొదటి లెక్కలో పద్ధతి తప్పితే, దిద్దేవాళ్లు లేక మిగతా పంతొమ్మిదీ అలాగే చేస్తాడు. ఇక న్యాయం మాటకొస్తే, తరగతిలో సందేహం కలిగితే ఎవరైనా టీచర్‌ను అడగవచ్చు, ఇంట్లో ఆ సాయం కొందరికే దొరుకుతుంది. చెప్పేవాళ్లు ఉన్న విద్యార్థి ప్రాజెక్టు పూర్తిచేస్తాడు, లేని విద్యార్థి సగంలో వదిలేస్తాడు, మార్కులు మాత్రం ఇద్దరికీ ఒకే కొలతతో పడతాయి. హోంవర్క్ లేకపోతే చదివింది మర్చిపోతారన్నది నిజమే కానీ, బడి తెరిచాక మొదటి వారం పాత పాఠాలు మళ్లీ చెబితే ఆ లోటు తీరుతుంది. అందువల్ల పాఠాలను గుర్తుచేసే పనిని సెలవులకు వదలకుండా, టీచర్ అందుబాటులో ఉండే తరగతి గదిలోనే చేయించాలి."

సుమారు 110 పదాలు. "మొదటి కారణం", "కాబట్టి", "ఉదాహరణకు", "ఇక", "నిజమే కానీ", "అందువల్ల" అన్నవి తప్ప వేరే కలుపు మాటలు వాడలేదు. "పైగా" అన్నది అసలు రాలేదు. అది ఇంకో మాట చేర్చడానికి, "అందువల్ల" ఫలితం చెప్పడానికి. రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు, టెన్షన్‌లో ఉన్నప్పుడు మరీను.

టైమ్, చివరి చూపు

దీనికి 20 నిమిషాలు ఉన్నాయనుకుంటే, 6 నిమిషాలు ప్రశ్నకూ కారణాలకూ, 10 నిమిషాలు రాయడానికీ, 4 నిమిషాలు చూసుకోవడానికీ పెట్టుకోండి. ఆరు నిమిషాలు ఏమీ రాయకుండా ఎలా అని కంగారు పడతారు. రెండు కారణాలు, రెండు ఉదాహరణలు చిత్తులో ఉంటే 110 పదాలు రాయడానికి పది నిమిషాలు ఎక్కువే. పదాలు లెక్కపెట్టడానికి టైమ్ వృథా చేయవద్దు. మీ చేతిరాతలో ఒక లైనుకు ఎన్ని పదాలు పడతాయో ఇంటి దగ్గర ఒకసారి చూసుకుంటే లైన్లు లెక్కపెడితే సరిపోతుంది.

చూసుకునేటప్పుడు ముందు మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే చదవండి, మధ్యది చేత్తో మూసేయండి. రెండూ ఒకే మనిషి మాటలేనా? తర్వాత "నిజమే కానీ" వాక్యం తప్ప ప్రతి మధ్య వాక్యం దగ్గరా ఆగి, ఇది ఏ పిడికి చెందింది, ఉపయోగానికా, న్యాయానికా అని చూడండి. దేనికీ చెందని వాక్యం ఎంత అందంగా ఉన్నా ఒక్క గీతతో కొట్టేయండి. అక్షర దోషాలు ఆ తర్వాత.

అభ్యాసానికి కొత్త ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు. ఇదే ప్రశ్నకు రెండో పక్షం రాయండి. మన పేరాలో ఒక్క వాక్యంలో ఒప్పుకుని వదిలేసిన "మర్చిపోతారు" అన్న మాట అక్కడ మొదటి కారణం అవుతుంది, దాన్ని విడమర్చాలి, ఉదాహరణతో చూపించాలి. మన "గబగబా రాసేస్తారు" అన్నది అక్కడ "నిజమే కానీ" ముందుకు వెళ్తుంది. దానికి జవాబు మీరే వెతకాలి: పని మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకుండా రోజుకు రెండు లెక్కల చొప్పున తేదీ వేసి చేయమంటే? ఆ జవాబు దొరికిన చోట నుంచి రెండో పేరా మొదలుపెట్టండి.